విదేశీ కరెన్సీ ఇన్‌వాయిస్‌పై ఏ రోజు మారకపు రేటు వేయాలి, పన్నును రూపాయల్లో ఎలా చూపాలి

డాలర్లలో ఇన్‌వాయిస్ తయారు చేయడానికి కూర్చున్న అకౌంటెంటు ముందు ఒకే రోజున కనీసం నాలుగు మారకపు రేట్లు ఉంటాయి. కస్టమ్స్ అవసరాల కోసం కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ప్రకటించేది ఒకటి, మార్కెట్ లావాదేవీల ఆధారంగా ఆ రోజు మధ్యాహ్నం వెలువడే రిఫరెన్స్ రేటు రెండోది, డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు మనకు కట్టే కొనుగోలు రేటు మూడోది, సంస్థ తన పుస్తకాల కోసం నెల మొత్తానికి పెట్టుకున్న సగటు రేటు నాలుగోది. వీటిలో దేనిని తీసుకోవాలన్న ప్రశ్న వినడానికి ఒకటే గాని, అందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. రేటు ఎవరు ప్రకటించినది కావాలన్నది మొదటిది, ఏ తేదీకి చెందినది కావాలన్నది రెండోది. జీఎస్టీ చట్టం ఈ రెండింటికీ విడివిడిగా జవాబు చెబుతుంది. చాలా పొరపాట్లు ఆ రెండింటినీ కలిపి చూడడం వల్లనే వస్తున్నాయి.

కేంద్ర జీఎస్టీ నియమావళిలోని 34వ నియమం ఈ విషయానికి మూలం. వస్తువులైతే, కస్టమ్స్ చట్టం 14వ సెక్షన్ కింద బోర్డు ప్రకటించిన రేటును తీసుకోవాలని, సేవలైతే సర్వసమ్మత అకౌంటింగ్ సూత్రాల ప్రకారం నిర్ణయమయ్యే రేటును తీసుకోవాలని అది చెబుతుంది. రెండు సందర్భాలలోనూ తేదీ మాత్రం ఒకటే, అది సరఫరా సమయం. జీఎస్టీ మొదలైన 2017 జూలై 1 నాటి నియమంలో వస్తువులకూ సేవలకూ రిజర్వు బ్యాంకు రిఫరెన్స్ రేటే ఉండేది, ఆ నెల 27న వెలువడిన 17/2017 నోటిఫికేషన్‌తో అది ఇప్పటి రూపానికి మారింది. ఆ మొదటి నెలలో రాసిన వివరణలు ఇప్పటికీ చేతులు మారుతూ తిరుగుతున్నాయి కాబట్టి, మిర్చి ఎగుమతి ఇన్‌వాయిస్‌కు రిజర్వు బ్యాంకు రేటు వేయాలని ఎవరైనా చెబితే వారు ఆ పాత పాఠాన్ని చదివి ఉంటారని అనుకోవచ్చు.

సరఫరా సమయం అంటే ఏ రోజు

తేదీ సంగతి ముందు తేల్చుకుంటే మిగతాది సులువవుతుంది. సేవల విషయంలో, సేవ పూర్తయిన 30 రోజుల గడువులోపల ఇన్‌వాయిస్ ఇచ్చినట్లయితే, ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు అందిన తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే అదే సరఫరా సమయం. గడువు దాటి ఇన్‌వాయిస్ ఇచ్చినట్లయితే, సేవ అందించిన తేదీ, డబ్బు అందిన తేదీ, వీటిలో ముందుది. డబ్బు అందిన తేదీని కూడా చట్టం ఊహకు వదలలేదు. మన పుస్తకాలలో నమోదైన రోజు, మన బ్యాంకు ఖాతాలో జమ అయిన రోజు, ఈ రెండింటిలో ముందు వచ్చినదే ఆ తేదీ.

గడువు దాటిన సందర్భాన్ని చాలామంది పట్టించుకోరు. మార్చి 5న పూర్తయిన పనికి ఏప్రిల్ 20న ఇన్‌వాయిస్ ఇస్తూ ఏప్రిల్ 20 నాటి రేటు వేయడం సహజంగానే కనిపిస్తుంది. కాని అప్పటికి 30 రోజులు దాటిపోయాయి గనుక, ముందుగా డబ్బేదీ రాకపోతే సరఫరా సమయం మార్చి 5. రేటు కూడా ఆ రోజుదే కావాలి, పన్ను కూడా మార్చి నెల రిటర్నులోనే చూపాలి. ఇక్కడ తప్పు రేటుతో ఆగదు, ఆలస్యానికి వడ్డీ కూడా పడుతుంది.

వస్తువుల విషయంలో పరిస్థితి కొంత తేలిక. ముందుగా అందిన సొమ్ముపై పన్ను కట్టాల్సిన బాధ్యతను 2017 నవంబరు 15 నాటి 66/2017 నోటిఫికేషన్ తొలగించింది కాబట్టి, కాంపోజిషన్ పథకంలో లేని సరఫరాదారుకు ఇన్‌వాయిస్ తేదీ, లేదా ఇన్‌వాయిస్ ఇవ్వవలసిన ఆఖరు తేదీ, ఇవే ముఖ్యం. కొనుగోలుదారు నెల ముందే డాలర్లు పంపినా వస్తువుల ఇన్‌వాయిస్ రేటు దానివల్ల మారదు. సేవలకు ఈ వెసులుబాటు లేదు.

సేవలకు రేటు ఎక్కడి నుంచి తీసుకోవాలి

అసలైన ఎంపిక ఇక్కడే ఉంది. వస్తువులకు చట్టం ఒక నిర్దిష్టమైన పట్టికను చూపించింది, సేవలకు మాత్రం అకౌంటింగ్ సూత్రాలను చూపించి వదిలింది. ఇక్కడి అకౌంటింగ్ ప్రమాణాలలో ఏఎస్ 11 గాని ఇండ్ ఏఎస్ 21 గాని చెప్పేది ఒకటే. విదేశీ కరెన్సీ లావాదేవీని మొదట నమోదు చేసేటప్పుడు లావాదేవీ జరిగిన రోజు రేటును వాడాలి, రేట్లు పెద్దగా ఊగిసలాడని కాలంలో ఆ వారం లేదా ఆ నెల సగటును దానికి బదులుగా వాడవచ్చు. ఈ ప్రమాణాలు ఫలానా సంస్థ ప్రకటించిన రేటే వాడాలని నిర్బంధించవు.

నా సలహా రిఫరెన్స్ రేటు. దీనిని మొదట రిజర్వు బ్యాంకే లెక్కగట్టి ప్రకటించేది, 2018 జూలై 10 నుంచి ఆ పనిని ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా సంస్థ చేస్తోంది, వాడుకలో మాత్రం ఇప్పటికీ అందరూ ఆర్‌బీఐ రేటు అనే అంటారు. దీనికి మూడు సుగుణాలున్నాయి. ప్రతి పనిదినానికీ విడి రేటు ఉంటుంది కాబట్టి సరఫరా సమయంతో సరిగ్గా జోడించవచ్చు. మూడేళ్ల తర్వాత ఆడిటరు అడిగినా పాత తేదీ రేటును మళ్లీ తీసి చూపించవచ్చు. ఏ ఒక్క బ్యాంకు లాభమూ అందులో కలిసి ఉండదు. పరిమితులూ లేకపోలేదు. శని, ఆదివారాలలోనూ ముంబయి మార్కెట్ సెలవులలోనూ అది వెలువడదు, అటువంటి తేదీ వేసిన ఇన్‌వాయిస్‌కు అంతకు ముందు పనిదినపు రేటును తీసుకోవడమే ఆచారం. చాలాకాలం పాటు అది డాలరు, యూరో, పౌండు, యెన్ అనే నాలుగు కరెన్సీలకే పరిమితమై ఉండేది, ఇప్పటికీ అన్ని కరెన్సీలకూ వెలువడదు కాబట్టి, ఆ జాబితాలో లేని కరెన్సీలో ఇన్‌వాయిస్ ఇచ్చే సంస్థ తన బ్యాంకు రోజువారీ రేటు పత్రాన్ని ఆధారంగా ఎంచుకుని, దాని నకలును ఇన్‌వాయిస్‌తో పాటు భద్రపరచుకోవాలి.

నెలసరి సగటు రేటు చిన్న చిన్న ఇన్‌వాయిస్‌లు వందలకొద్దీ ఇచ్చే సంస్థకు నిజంగానే సౌకర్యం, అకౌంటింగ్ ప్రమాణం కూడా దానిని అనుమతిస్తుంది. అయితే 34వ నియమం ఆ తేదీకి చెందిన రేటు అని స్పష్టంగా అడుగుతుంది గనుక, పన్ను చెల్లించవలసిన ఇన్‌వాయిస్‌లకు సగటును వాడకుండా ఉండడం మంచిదని నా అభిప్రాయం. రూపాయి ఒకే నెలలో ఒకటిన్నర రెండు రూపాయల మేర కదిలినప్పుడు సగటు రేటును సమర్థించుకోవడం కష్టమవుతుంది.

బ్యాంకు జమ చేసిన రేటు అన్నిటికంటే ఆకర్షణీయమైనది, అన్నిటికంటే ఎక్కువగా దుర్వినియోగమయ్యేదీ అదే. చేతికి వచ్చిన రూపాయలనే ఆదాయంగా రాస్తే పుస్తకాలకూ బ్యాంకు పత్రానికీ తేడా ఉండదు కదా అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. కాని ఇన్‌వాయిస్ జూలైలో ఇచ్చి డబ్బు సెప్టెంబరులో వస్తే, సెప్టెంబరు రేటు జూలై నాటి ఇన్‌వాయిస్‌కు ఎలా వర్తిస్తుంది? ఆ రేటు తెలిసేదాకా ఆగితే జూలై రిటర్ను గడువు దాటిపోతుంది. ముందుగా ఏదో అంచనా రేటుతో చూపి, తర్వాత బ్యాంకు రేటుకు సవరించే పద్ధతి కూడా ఉంది, అది ప్రతి ఇన్‌వాయిస్‌కూ అవసరం లేని సవరణను కొని తెచ్చుకోవడమే. డబ్బు ముందుగానే వచ్చి అదే సరఫరా సమయమైన సందర్భంలో మాత్రం, ఆ రోజు బ్యాంకు ఇచ్చిన రేటు కూడా లావాదేవీ నాటి రేటే కాబట్టి దానిని తప్పుపట్టలేము. ఏది ఎంచుకున్నా ఏడాది పొడవునా అదే పాటించాలి, లాభసాటిగా కనిపించిన రేటును ఇన్‌వాయిస్‌కొకటిగా ఏరుకోవడం కుదరదు.

అడ్వాన్సు ఉన్న ఒక ఇన్‌వాయిస్‌ను లెక్కగట్టి చూద్దాం

విదేశీ క్లయింటుకు ఇచ్చే సేవ అనగానే ఎగుమతి, పన్ను లేదు అనుకుంటాము. అన్ని సేవలూ అలా ఉండవు. హైదరాబాదులో జరిగే సదస్సును విదేశీ కంపెనీ కోసం నిర్వహించినట్లయితే, ఐజీఎస్టీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం సదస్సు ఎక్కడ జరిగితే అదే సరఫరా స్థలం. అంటే క్లయింటు విదేశంలో ఉన్నా, డబ్బు డాలర్లలో వచ్చినా, తెలంగాణలోని నిర్వాహకుడు 18 శాతం పన్ను వసూలు చేయాలి. సరఫరాదారు ఉన్న చోటు, సరఫరా స్థలం రెండూ ఒకే రాష్ట్రం కాబట్టి అది కేంద్ర జీఎస్టీ 9 శాతం, రాష్ట్ర జీఎస్టీ 9 శాతంగా విడిపోతుంది. డాలరు ఇన్‌వాయిస్‌పై రూపాయల పన్ను నిజంగా పరీక్షకు నిలిచేది ఇటువంటి చోటే.

రుసుము పన్ను కాక 20,000 డాలర్లని ఒప్పందం అనుకుందాం. ఇందులో వాడే రేట్లు లెక్క కోసం వేసుకున్నవే. జూన్ 10న క్లయింటు 5,900 డాలర్లు ముందుగా పంపాడు, అందులో 5,000 రుసుము, 900 పన్ను. ఆ రోజు రిఫరెన్స్ రేటు 86.00. సేవ ఇంకా జరగకపోయినా, ఈ 5,000 డాలర్ల మేరకు సరఫరా సమయం జూన్ 10నే వచ్చేసింది. కాబట్టి ఆ రోజు ఇన్‌వాయిస్ కాదు, రసీదు వోచరు ఇవ్వాలి, దానిలో విలువ 4,30,000 రూపాయలు, పన్ను 77,400 రూపాయలు అని చూపాలి. ఈ పన్ను జూన్ నెల రిటర్నులో చేరాలి. అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను జీఎస్టీఆర్-1లో ముందస్తు సొమ్ములకు 11ఏ పట్టిక ఉన్నది అందుకే. తర్వాత ఇన్‌వాయిస్ ఇచ్చిన నెలలో సర్దుబాటును 11బీలో చూపాలి.

సదస్సు జూలై 18, 19 తేదీలలో జరిగింది, ఇన్‌వాయిస్ జూలై 25న ఇచ్చారు. 30 రోజుల గడువులోపలే ఉంది కాబట్టి మిగిలిన 15,000 డాలర్లకు సరఫరా సమయం జూలై 25. ఆ రోజు రేటు 87.20 అనుకుంటే విలువ 13,08,000 రూపాయలు, దానిపై పన్ను 2,35,440 రూపాయలు. ఆ విధంగా ఒకే ఇన్‌వాయిస్‌లో రెండు రేట్లు పక్కపక్కన ఉంటాయి. మొత్తం విలువ 17,38,000 రూపాయలు, మొత్తం పన్ను 3,12,840 రూపాయలు, అందులో కేంద్ర జీఎస్టీ 1,56,420, రాష్ట్ర జీఎస్టీ 1,56,420.

మొత్తం 20,000 డాలర్లకూ ఇన్‌వాయిస్ తేదీ రేటే వేసి ఉంటే ఏమయ్యేది? విలువ 17,44,000, పన్ను 3,13,920 వచ్చేది, అంటే 1,080 రూపాయలు ఎక్కువ. మొత్తం చిన్నదే గాని, జూన్‌లో కట్టిన 77,400 రూపాయల పన్ను జూలైలో సర్దుబాటు చేయబోతే 78,480గా కనిపిస్తుంది, 11ఏ, 11బీ పట్టికలు ఎప్పటికీ కలవవు. రూపాయి బలపడిన నెలల్లో ఇదే పొరపాటు పన్ను తక్కువ కట్టిన లెక్కగా మారుతుంది. ఎగుమతిగా పరిగణించే సేవకు, పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం, లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్, ఉన్న సంస్థకు, ఈ తేడా పన్నుగా కనపడదు, అందుకే అక్కడ ఎవరూ దీనిని పట్టించుకోరు. అలవాటు మాత్రం అక్కడే పడిపోయి, పన్ను ఉన్న ఇన్‌వాయిస్‌లోకి కూడా వచ్చేస్తుంది.

మిగిలిన డబ్బు, పన్నుతో కలిపి 17,700 డాలర్లు, ఆగస్టులో వచ్చిందనీ, బ్యాంకు డాలరుకు 86.90 కట్టిందనీ అనుకుందాం. చేతికి వచ్చినది 15,38,130 రూపాయలు, పుస్తకాలలో బాకీగా ఉన్నది 15,43,440 రూపాయలు. తేడా అయిన 5,310 రూపాయలను విదేశీ మారక నష్టం ఖాతాలో వేయాలి. ఇన్‌వాయిస్ విలువను తగ్గించకూడదు, క్రెడిట్ నోటు ఇవ్వకూడదు. సదస్సు ధర మారలేదు, డబ్బు ధర మారింది అంతే.

ఈ నష్టంలో ఒక చిన్న భాగాన్ని విడిగా గమనించాలి. క్లయింటు పన్ను కింద 2,700 డాలర్లు పంపాడు, అవి 2,34,630 రూపాయలుగా మారాయి, ప్రభుత్వానికి కట్టవలసినది మాత్రం 2,35,440. పన్ను రూపాయల్లో జూలై 25నే స్థిరపడిపోయింది కాబట్టి ఆ 810 రూపాయల తేడాను సరఫరాదారే భరించాలి. పన్ను క్లయింటు నుంచి వసూలు చేసి ప్రభుత్వానికి అందించేదే గదా అనుకుంటాము గాని, డాలర్లలో వసూలు చేసినప్పుడు మారక నష్టం వసూలు చేసినవాడిదే. పెద్ద మొత్తాల ఒప్పందాలలో ఈ భారం ఎవరిదో ముందే రాసుకోవడం వీలవుతుంది.

ఇన్‌వాయిస్ మీద పన్నును ఎలా రాయాలి

మూడు విధాలుగా రాస్తున్నవారున్నారు. కొందరు డాలర్లలో మాత్రమే విలువనూ పన్నునూ చూపి, రూపాయల లెక్క పుస్తకాలలోనే ఉంచుకుంటారు. కొందరు మొత్తం ఇన్‌వాయిస్‌ను రూపాయల్లో వేసి, కింద డాలర్ల సమాన మొత్తం రాస్తారు. మరికొందరు ప్రతి వరుసకూ డాలర్లు, రూపాయలు రెండు నిలువు గడుల్లో చూపుతారు.

జీఎస్టీలో ఇన్‌వాయిస్ ఫలానా కరెన్సీలోనే ఉండాలన్న నిబంధన లేదు, కాని రిటర్నులు, పన్ను చెల్లింపు, రిఫండు, అన్నీ రూపాయల్లోనే. డాలర్లు మాత్రమే ఉన్న ఇన్‌వాయిస్ క్లయింటుకు సరిపోతుంది, కాని దానిని చూసి పన్ను ఎంతో ఎవరూ చెప్పలేరు. మూడవ పద్ధతి చూపుకు నిండుగా ఉంటుంది గాని, ప్రతి వరుసలోనూ గుండ్రపరిచిన పైసలు చివరి మొత్తంతో కలవక ఇబ్బంది పెడతాయి. అందుచేత నేను సూచించేది వీటి మధ్య ఉన్న పద్ధతి. వరుసలన్నీ డాలర్లలో ఉండాలి, కింద ప్రత్యేకంగా ఒక పెట్టెలో పన్ను విధించదగిన విలువ రూపాయల్లో, వాడిన మారకపు రేటు, ఆ రేటు ఎవరిది, ఏ తేదీది, కేంద్ర, రాష్ట్ర లేదా సమగ్ర జీఎస్టీ రూపాయల్లో, ఇవన్నీ ఉండాలి. ముందస్తు సొమ్ము ఉంటే, రసీదు వోచరు సంఖ్య, తేదీ, దానికి వాడిన రేటు రెండో వరుసగా రావాలి. పై సదస్సు ఇన్‌వాయిస్‌లో ఆ పెట్టె రెండు వరుసలతో, రెండు రేట్లతో ఉంటుంది.

రేటును దశాంశాలతో సహా, ప్రకటించిన రూపంలోనే రాయాలి. 87.2034ను 87.20గా కుదించి వాడితే, రెండు లక్షల డాలర్ల ఇన్‌వాయిస్‌లో 680 రూపాయల తేడా వస్తుంది. గుండ్రపరచడం చివర్లో, పన్ను మొత్తానికి మాత్రమే, 170వ సెక్షన్ చెప్పిన ప్రకారం దగ్గరి రూపాయికి చేయాలి.

వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటి ఈ-ఇన్‌వాయిస్ పరిధిలోకి వచ్చిన సంస్థలకు ఈ ఎంపికలో కొంత భాగాన్ని వ్యవస్థే తేల్చేసింది. ఆ నమూనాలో విలువలు, పన్నులు రూపాయల్లోనే పంపాలి. విదేశీ కరెన్సీకి రెండు చోట్లే ఉన్నాయి, ఎగుమతి వివరాల్లో కరెన్సీ సంకేతానికి `ForCur`, మొత్తాల్లో విదేశీ కరెన్సీలోని ఇన్‌వాయిస్ విలువకు `TotInvValFc`. సాఫ్ట్‌వేర్ డాలరు మొత్తాన్ని పొరపాటున రూపాయల గడిలో పంపితే నమోదు సంఖ్య మాత్రం వచ్చేస్తుంది, 20,000 డాలర్ల ఇన్‌వాయిస్ 20,000 రూపాయల ఇన్‌వాయిస్‌గా రికార్డవుతుంది. నెల చివర జీఎస్టీఆర్-1 మొత్తం చూసినప్పుడే అది బయటపడుతుంది, అదీ చూసినవారికి.

వస్తువులకు ఎంపిక తక్కువ, తేదీల చిక్కు ఎక్కువ

గుంటూరు నుంచి మిర్చి, భీమవరం నుంచి రొయ్యలు పంపేవారికి రేటు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న సందేహం అక్కర్లేదు, బోర్డు ప్రకటించే కస్టమ్స్ రేటే. అది ప్రతి నెలా మొదటి, మూడవ గురువారాల్లో వెలువడి మరుసటి రోజు నుంచి అమలవుతుంది. ఒకప్పుడు ప్రతిసారీ నోటిఫికేషన్ ఇచ్చేవారు, 2024 జూలై నుంచి స్టేట్ బ్యాంకు రేట్ల ఆధారంగా కస్టమ్స్ వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో నేరుగా వెలువడుతోంది. ప్రతి కరెన్సీకీ రెండు గడులుంటాయి, దిగుమతికి ఒకటి, ఎగుమతికి ఒకటి, ఎగుమతి రేటు ఎప్పుడూ తక్కువ. దిగుమతి గడిలోని రేటును ఎగుమతి ఇన్‌వాయిస్‌కు వేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. జపాన్ యెన్, కొరియా వాన్ వంటివి 100 యూనిట్లకు ప్రకటిస్తారన్నది కూడా గమనించాలి, లేకపోతే ఇన్‌వాయిస్ విలువ వంద రెట్లవుతుంది.

చిక్కు ఇక్కడ తేదీలది. జీఎస్టీ ఇన్‌వాయిస్‌కు సరఫరా సమయం నాటి కస్టమ్స్ రేటు, షిప్పింగ్ బిల్లుకు దానిని దాఖలు చేసిన నాటి కస్టమ్స్ రేటు. పట్టిక ఒకటే అయినా తేదీలు వేరు. గుంటూరు వ్యాపారి మూడవ గురువారం నాడు 40,000 డాలర్లకు, సరుకు ఓడకెక్కించేవరకే లెక్కించే ఎఫ్‌ఓబీ ధరకు ఇన్‌వాయిస్ ఇచ్చాడనుకుందాం, అప్పటి ఎగుమతి రేటు 85.55, విలువ 34,22,000 రూపాయలు. కంటైనరు చెన్నై రేవుకు చేరి, షిప్పింగ్ బిల్లు శుక్రవారం దాఖలైంది, ఆ రోజు నుంచి కొత్త రేటు 86.30, విలువ 34,52,000 రూపాయలు. ఒకే సరుకుకు ప్రభుత్వ రికార్డుల్లో రెండు రూపాయల విలువలు, తేడా 30,000.

ఇది చూసి కంగారుపడి ఇన్‌వాయిస్‌ను మార్చేవారున్నారు. మార్చనవసరం లేదు, రెండూ వాటి వాటి చట్టాల ప్రకారం సరైనవే. వాడుకోని ఇన్‌పుట్ పన్ను రిఫండు అడిగేటప్పుడు షిప్పింగ్ బిల్లులోని ఎఫ్‌ఓబీ విలువ, ఇన్‌వాయిస్ విలువ, ఈ రెండింటిలో తక్కువైనదే లెక్కలోకి వస్తుందని 2022 జూలైలో 89వ నియమానికి చేర్చిన వివరణ స్పష్టం చేసింది. అంటే ఇక్కడ 34,22,000 తీసుకోవాలి. నిజంగా తేడా తగ్గించుకోవాలనుకుంటే, కొత్త రేటు వెలువడే గురువారం నాడు ఇన్‌వాయిస్ ఇవ్వకుండా, షిప్పింగ్ బిల్లు వేసే రోజుకే ఇన్‌వాయిస్ వచ్చేలా సరుకు ఎత్తే తేదీని సర్దుకోవడం తప్ప వేరే దారి లేదు. సరుకు గోదాము దాటిన తర్వాత ఇన్‌వాయిస్ తేదీని వెనక్కో ముందుకో జరపడం మాత్రం ఇ-వే బిల్లుతోనే దొరికిపోతుంది.

విదేశాల నుంచి కొనే సేవలకు

అమెరికాలోని సంస్థ నుంచి సాఫ్ట్‌వేర్ చందా కొని, రివర్స్ చార్జ్ కింద, అంటే అమ్మినవారికి బదులు తానే, ఇక్కడ పన్ను కట్టే సంస్థకు కూడా ఇదే నియమం తిరగేసి వర్తిస్తుంది. 2024 నవంబరు 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, సరఫరాదారు ఇక్కడ నమోదు కాని సందర్భంలో, మనం స్వయంగా వేసుకునే ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు చెల్లించిన తేదీ, వీటిలో ముందుది సరఫరా సమయం, సేవ అందిన 30 రోజుల్లోపల ఆ ఇన్‌వాయిస్ వేసుకోవాలి. కార్డుతో చెల్లిస్తే బ్యాంకు స్టేట్‌మెంటులో రూపాయల మొత్తం కనిపిస్తుంది, దానిలో కార్డు సంస్థ రుసుము కూడా కలిసి ఉండవచ్చు. దానిని విడదీయకుండా మొత్తం మీద పన్ను కట్టేస్తే కొంచెం ఎక్కువ కట్టినట్లే గాని తప్పు దొరకదు. విడదీసి కట్టేవారు మాత్రం సేవల ఇన్‌వాయిస్‌లకు వాడే రిఫరెన్స్ రేటునే ఇక్కడా వాడాలి.

క్రెడిట్ నోటు, సెలవు, ఇతర దేశాలు

క్లయింటుతో మాట్లాడుకుని ధర 1,000 డాలర్లు తగ్గించారనుకుందాం. క్రెడిట్ నోటు ఇచ్చే రోజు రేటు వేయాలా, పాత ఇన్‌వాయిస్ రేటు వేయాలా? క్రెడిట్ నోటు పాత సరఫరా విలువనే తగ్గిస్తుంది గాని కొత్త సరఫరాను సృష్టించదు, కాబట్టి పాత రేటే వేయాలని నా అభిప్రాయం. 87.20కి కట్టిన పన్నును 88.50 రేటుతో వెనక్కి తీసుకుంటే, కట్టినదానికంటే ఎక్కువ వెనక్కి తీసుకున్నట్లవుతుంది. సదస్సు ఉదాహరణలో ఈ తగ్గింపు ముందస్తు సొమ్ము భాగానికి చెందినదా, మిగిలిన భాగానికి చెందినదా అన్నది కూడా నోటులో రాయాలి, ఎందుకంటే రెండింటికీ రేట్లు వేరు.

లండన్‌లోనో దుబాయిలోనో సంస్థ నడిపే తెలుగువారికి ఇదే ప్రశ్నకు జవాబు వేరు. బ్రిటన్‌లో విదేశీ కరెన్సీ ఇన్‌వాయిస్‌పై వ్యాట్‌ను పౌండ్లలో చూపాలి, సరఫరా సమయం నాటి మార్కెట్ అమ్మకపు రేటుగాని, రెవెన్యూ శాఖ కాలవ్యవధికి ప్రకటించే రేటుగాని ఎంచుకోవచ్చు. యూఏఈలో ఆ దేశ కేంద్ర బ్యాంకు సరఫరా తేదీకి ప్రకటించిన రేటే వాడి, పన్నును దిర్హమ్‌లలోనూ, ఆ రేటునూ ఇన్‌వాయిస్‌పైనే రాయాలి. భారత్‌లో సేవలకు ఉన్నంత ఎంపిక స్వేచ్ఛ అక్కడ లేదు, అలాగని ఆధారం ఏదన్న వాదన కూడా అక్కడ రాదు.

తప్పు జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి నేను మొదట చూసేది విదేశీ మారక లాభనష్టాల ఖాతా. ఏడాదికి యాభై డాలరు ఇన్‌వాయిస్‌లు ఇచ్చి, నెల రెండు నెలల తర్వాత డబ్బు అందుకునే సంస్థ పుస్తకాలలో ఆ ఖాతా సున్నా చూపుతోందంటే, ఇన్‌వాయిస్ విలువలను బ్యాంకు జమకు సరిపోయేటట్లు దిద్దుతున్నారన్నమాట. ఇంకొకటి, టాలీలోనో మరో సాఫ్ట్‌వేర్‌లోనో అదే రేటు నెలల తరబడి అన్ని ఇన్‌వాయిస్‌ల మీదా కనిపించడం, ఎవరో ఒకసారి నింపిన రేటు మార్చేవారు లేక అక్కడే ఉండిపోయిందని దాని అర్థం. ఏప్రిల్ మొదటి వారంలో ఆ ఏడాది ఇన్‌వాయిస్‌లలో ఏవైనా పదింటిని తీసి, సరఫరా సమయం, వాడిన రేటు, ఆ తేదీకి ప్రకటించిన రేటు, ఈ మూడింటినీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూస్తే ఒక పూటలో పని అయిపోతుంది. సవరించవలసినవి ఉంటే నవంబరు 30 దాకా రిటర్నులలోనే సవరించుకునే వీలుంటుంది.